విమానాల రద్దీని బట్టి ర్యాంప్ రోస్టర్: స్ప్లిట్ డ్యూటీ ఎంతమందికి వేయవచ్చు?

ప్రశ్న: శంషాబాద్‌లో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో ర్యాంప్ డ్యూటీ సూపర్‌వైజర్‌గా ఈ నెలే బాధ్యత తీసుకున్నాను. పొద్దున, సాయంత్రం మనుషులు చాలడం లేదు, మధ్యాహ్నం ఖాళీగా కూర్చుంటున్నారు. అందరికీ డ్యూటీని రెండుగా విడగొట్టి, పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు గంటల స్ప్లిట్ వేసి మనుషులను తగ్గించమని మేనేజర్ అంటున్నారు. మా వాళ్లలో సగం మంది షాద్‌నగర్, జడ్చర్ల వైపు నుంచి వస్తారు, వాళ్లు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరా?

జవాబు:

మాది మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ మండలం. శంషాబాద్ విమానాశ్రయంలో లోడర్‌గా చేరి, తరువాత బెల్ట్ లోడర్, టగ్ నడిపి, చివరి నాలుగేళ్లు ర్యాంప్ రోస్టర్ తయారు చేశాను. స్ప్లిట్ డ్యూటీ చేసినవాడిని, వేసినవాడిని కూడా కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను. మా రోస్టర్‌లో స్ప్లిట్ నిలిచింది రోజూ పద్నాలుగు టీంలలో రెండింటికి మాత్రమే. మిగిలిన పని అంతా డ్యూటీ మొదలయ్యే సమయాలను గంట గంట తేడాతో జరపడం వల్ల జరిగింది. మీ దగ్గర ఆ సంఖ్య వేరుగా రావచ్చు, కానీ దానిని లెక్కవేసే పద్ధతి ఇదే.

ముందుగా విమానాలను కాకుండా టీంలను లెక్కించండి. ఎ320 వంటి విమానానికి మా టీంలో ఆరుగురు ఉండేవారు: ఒక టీం లీడ్, ఒక పరికరాల ఆపరేటర్, నలుగురు లోడర్లు. విమానం బే దగ్గర ఆగి మళ్లీ బయలుదేరడానికి షెడ్యూలులో 35 నిమిషాలు ఉన్నప్పటికీ ఆ టీం అంతకంటే ఎక్కువసేపే కట్టుబడి ఉంటుంది. విమానం ఆగగానే చక్రాలకు అడ్డుగా చాక్స్ పెట్టడానికి పది నిమిషాల ముందే బే దగ్గర సిద్ధంగా ఉండాలి, విమానాన్ని బే నుంచి వెనక్కు నెట్టే పుష్‌బ్యాక్ తరువాత కోన్లు, పరికరాలు సర్దడానికి ఐదు నిమిషాలు కావాలి, తరువాతి బేకు చేరడానికి మరో పది నిమిషాలు పడుతుంది. కాబట్టి ఒక విమానానికి ఒక టీం ఒక గంట అని మేము లెక్క పెట్టుకున్నాము. ఈ లెక్కకు షెడ్యూలు సమయాలను కాకుండా, గడచిన నాలుగు వారాలలో విమానాలు నిజంగా వచ్చిన సమయాలను తీసుకున్నాము.

ఆ లెక్కలో మా పగటి పని ఇలా తేలింది. ఉదయం 5 గంటలకు ఐదు టీంలు, 6 గంటలకు ఆరు, 7 నుంచి 9 వరకు ఎనిమిదేసి, 9 గంటలకు ఆరు, 10 గంటలకు మూడు కావాలి. 11 గంటలకు మూడు, ఆ తరువాత రెండు గంటలపాటు రెండేసి చాలు. 14 గంటలకు మూడు, 15 గంటలకు ఐదు, 16 నుంచి 18 వరకు మళ్లీ ఎనిమిదేసి, తరువాత రెండు గంటలు ఐదేసి, 20 నుంచి 22 వరకు నాలుగేసి, 22 గంటలకు మూడు. రాత్రి విమానాలకు వేరే బృందం ఉండేది కాబట్టి దానిని ఇందులో కలపడం లేదు.

పాత రోస్టర్‌లో ఉదయం 5 నుంచి 14 వరకు ఎనిమిది టీంలు, 14 నుంచి 23 వరకు మరో ఎనిమిది టీంలు పనిచేసేవి. అంటే రోజుకు పదహారు టీంలు, తొంభై ఆరుగురు మనుషులు. మధ్యాహ్నం 12 గంటలకు రెండు టీంల పనికి ఎనిమిది టీంలు కూర్చుని ఉండేవి. మీ దగ్గర కూడా ఇలాంటిది చూసే మీ మేనేజర్‌కు స్ప్లిట్ ఆలోచన వచ్చి ఉంటుంది. అయితే మధ్యాహ్నం ఖాళీగా ఉన్నవారి సంఖ్యను బట్టి మనుషులు తగ్గరు. ఉదయం రద్దీకి ఎనిమిది, సాయంత్రం రద్దీకి ఎనిమిది కావాలి, ఏ ఒక్క టీమూ రెండు రద్దీలలోనూ లేకపోతే పదహారు టీంలు తప్పవు. ఒకే టీం రెండు రద్దీలలోనూ నిలబడితేనే ఒక టీం తగ్గుతుంది. అందువల్ల వేయవలసిన ప్రశ్న ఏమిటంటే, ఒక మనిషి ఒకే రోజున రెండు రద్దీలలోనూ చట్టబద్ధంగా, ఒళ్లు చెడకుండా నిలబడగలడా అన్నది.

దీనికి స్ప్రెడ్ చూడాలి. పని చేసిన గంటలు ఎనిమిదే అయినా, మొదటిసారి గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి చివరిసారి బయటకు వెళ్లేవరకు గడిచిన మొత్తం సమయమే స్ప్రెడ్. 1950 నాటి కేంద్ర కనీస వేతనాల నియమాలలో 24వ నియమం దీనిని విశ్రాంతితో కలిపి రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది, మేము దానినే పాటించాము. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఇది పదిన్నర గంటలు ఉండేది. ఇప్పుడు లేబర్ కోడ్‌లు వచ్చాయి కాబట్టి మీకు వర్తించే పరిమితి ఏదో మీ హెచ్‌ఆర్ విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే పెన్ను పట్టండి. ఆ పరిమితి పదిన్నర గంటలే అయితే నేను ఇక్కడ చెప్పబోయే స్ప్లిట్ కూడా నిలవదు.

స్ప్రెడ్‌ను బే దగ్గరి సమయంతో కాకుండా గేటు సమయంతోనే కొలవాలి. గేటు దగ్గర పాస్ చూపించి, సీఐఎస్ఎఫ్ తనిఖీ దాటి, ర్యాంప్ బస్సు ఎక్కి బే చేరడానికి మాకు అరగంట పట్టేది, బయటకు రావడానికి పావుగంట పట్టేది. మామూలు డ్యూటీలో ఈ ముప్పావుగంట ఒకసారే పోతుంది, స్ప్లిట్‌లో రెండుసార్లు పోతుంది. అంటే ఎనిమిది గంటల జీతంలో గంటన్నర దారికే ఖర్చవుతుంది. నాలుగు నాలుగు గంటల స్ప్లిట్ కాగితం మీద అందంగా కనిపించడానికి కారణం, చాలామంది ఈ గంటన్నరను లెక్కలో వేయకపోవడమే.

మా మొదటి ప్రయత్నం ఈ కారణంగానే విఫలమైంది. అప్పుడు నేను ఇంకా పరికరాల ఆపరేటర్‌ని. నేను పనిచేసిన సంస్థ నాలుగు టీంలకు ఉదయం 5 నుంచి 9, మళ్లీ సాయంత్రం 16 నుంచి 20 అని స్ప్లిట్ వేసింది. గేటు సమయాలలో చూస్తే తెల్లవారుజామున 4:30కు మొదలై రాత్రి 20:15కు ముగిసేది, అంటే పదిహేనున్నర గంటలు దాటిన స్ప్రెడ్. మరుసటి రోజు మళ్లీ 4:30కు రావాలి కాబట్టి మధ్యలో మిగిలేది ఎనిమిదింబావు గంటలు. జడ్చర్ల నుంచి వచ్చే మిత్రుడికి ఒక్కో వైపు గంటన్నర ప్రయాణం, కాబట్టి ఇంట్లో ఉండేది ఐదు గంటల చిల్లర. ఆ ఐదు గంటల్లోనే అన్నం, స్నానం, నిద్ర కానివ్వాలి. పగటి విరామం ఆరు గంటలు ఉన్నా, ఊరికి వెళ్లి రావడానికి మూడు గంటలు, రెండుసార్లు బస్సు ఖర్చు అయ్యేవి కాబట్టి మాలో చాలామందిమి వెళ్లేవాళ్లం కాదు. బాలానగర్ వాడినైన నేను కూడా పార్కింగ్ దగ్గరి చెట్ల నీడలో తువ్వాలు పరచుకుని పడుకునేవాడిని. ఎండాకాలంలో అలా పడుకుని లేచి సాయంత్రం సూట్‌కేసులు ఎత్తినప్పుడు నడుము ఎలా ఉంటుందో చేసినవారికే తెలుసు. మీ వాళ్లు ఒప్పుకోకపోవడాన్ని మొండితనంగా చూడవద్దని నేను గట్టిగా కోరుతున్నాను.

ఆ రోస్టర్ చెడిపోతున్న సంగతి హాజరు పట్టికలో కనిపించలేదు, ఎందుకంటే హాజరును ఉదయం పంచ్‌తోనే లెక్కించేవారు. ఉదయం ఇరవై నలుగురూ ఉండేవారు. మూడో వారానికి సాయంత్రం వచ్చేవారు పదహారు, పదిహేడుగురికి తగ్గారు. నలుగురు లోడర్లు చేయవలసిన పనిని ఇద్దరు చేస్తే విమానం వెనుక సామాను ఉండే హోల్డ్ ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, దానితో లోడింగ్ ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యానికి, కారణాలను గుర్తించడానికి విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ పెట్టిన కోడ్‌లలో 32 పడుతుంది. ఎక్కించడం, దించడం, అందుకు మనుషులు లేకపోవడం ఆ కోడ్ కిందికే వస్తాయి. మీరు కోడ్ 32 ఆలస్యాలను నెలకు మొత్తంగా కాకుండా గంటల వారీగా విడదీసి చూడండి, స్ప్లిట్ వాళ్ల రెండో పంచ్‌ను మొదటి పంచ్ నుంచి వేరు చేసి చూడండి. ఈ రెండూ ఒకే గంటలో చెడుతుంటే తప్పు మనుషులలో లేదు, రోస్టర్‌లోనే ఉంది.

రోస్టర్ నా చేతికి వచ్చిన తరువాత నేను వెనుక నుంచి లెక్కించాను. సాయంత్రం రద్దీ 18 గంటలకు ముగుస్తుంది, గేటు దాటేసరికి 18:15 అవుతుంది. అక్కడి నుంచి 12 గంటలు వెనక్కు వెళితే 6:15. అంటే స్ప్లిట్ టీం అంతకంటే ముందు గేటు లోపలికి రాకూడదు. మేము 6:30కు రమ్మన్నాము. 7 గంటలకు బే దగ్గర ఉండి, 10:30కు పని ముగించి, 10:45కు బయటకు వెళ్లేవారు. మళ్లీ 14:30కు గేటు, 15 గంటలకు బే, 18:15కు ఇంటిదారి. మొదటి భాగం నాలుగుంబావు గంటలు, రెండోది మూడుంముప్పావు గంటలు, మొత్తం ఎనిమిది. స్ప్రెడ్ పదకొండుంముప్పావు గంటలు. మరుసటి ఉదయానికి మధ్య పన్నెండుంబావు గంటల విశ్రాంతి.

ఇలాంటి టీంలు ఎన్ని పెట్టవచ్చో చెప్పేది రద్దీ గంట కాదు, దానికి ముందు గంట. స్ప్లిట్ వాళ్లు 7 గంటలకు ముందు బే దగ్గరికి రాలేరు కాబట్టి 6 గంటలకు కావలసిన ఆరు టీంలు మామూలు డ్యూటీ వాళ్లే అయి ఉండాలి. ఎనిమిదిలో ఆరు పోతే మిగిలేవి రెండు. మీ పట్టికలో కూడా స్ప్లిట్ మొదలయ్యే ముందు గంటకు ఎన్ని టీంలు కావాలో చూసి, రద్దీ సంఖ్య నుంచి దానిని తీసివేయండి. ఆ తేడాకు మించి స్ప్లిట్ టీం వేస్తే తెల్లవారుజామున మొదటి విమానాల దగ్గరే మనుషులు చాలరు.

మిగిలిన పన్నెండు టీంలకు బే దగ్గర తొమ్మిది గంటల హాజరు, అందులో ఒక గంట విరామంతో మామూలు డ్యూటీలే వేశాము. తేడా అంతా మొదలయ్యే సమయాలలో ఉంది. బే దగ్గరి సమయాలలో చెబితే, ఉదయం 5 గంటలకు ఐదు టీంలు, 6 గంటలకు ఒకటి, మధ్యాహ్నం 14 గంటలకు రెండు, 15 గంటలకు రెండు, 16 గంటలకు రెండు మొదలయ్యేవి. మీరే ఒక కాగితం మీద గంటలు వేసుకుని కూడి చూడండి. 7 గంటలకు ఆరు మామూలు టీంలు, రెండు స్ప్లిట్ టీంలు కలిసి ఎనిమిది అవుతాయి. 14 గంటలకు ఉదయపు టీం ఒకటి, కొత్తవి రెండు కలిసి మూడు. 16 గంటలకు ఆరు, రెండు మళ్లీ ఎనిమిది. విరామాలు కూడా ఇమిడిపోతాయి. 5 గంటలకు వచ్చినవారిలో రెండు టీంలు 9 గంటలకు, మూడు టీంలు 10 గంటలకు తినడానికి వెళ్తాయి. 14 గంటలకు వచ్చినవి 18, 19 గంటలకు ఒక్కొక్కటిగా, 15 గంటలకు వచ్చినవి 20 గంటలకు, 16 గంటలకు వచ్చినవి 21 గంటలకు వెళ్తాయి. ఎవరూ ఐదు గంటలకు మించి తిండి లేకుండా పనిచేయరు. పదహారు టీంలకు బదులు పద్నాలుగు టీంలు, తొంభై ఆరుగురికి బదులు ఎనభై నలుగురు సరిపోయారు. వారపు సెలవు కలుపుకుంటే ఎనభై నాలుగును ఏడుతో గుణించి ఆరుతో భాగించాలి, తొంభై ఎనిమిది వస్తుంది. జబ్బులకు, పెళ్లిళ్లకు పెట్టే సెలవులు దీనికి పైన. తగ్గినవారిని తీసివేయలేదు, ఖాళీ అయిన చోట కొత్తవారిని తీసుకోకుండా ఆపారు. ఈ మాట మీ మేనేజర్‌తో మొదటే మాట్లాడుకోండి, ఎందుకంటే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నచోట ఏ రోస్టర్‌కూ సహకారం దొరకదు.

సమయాలను జరపడం వల్ల లెక్కలో కనిపించని ఇంకొక మేలు జరిగింది. పాత పద్ధతిలో 14 గంటలకు ఎనిమిది టీంలు ఒక్కసారిగా మారేవి. గేటు దగ్గర నలభై ఎనిమిది మంది ఒకేసారి వరుసలో నిలబడేవారు, బే దగ్గర సగం దించిన విమానాన్ని ఒక టీం వదిలి మరో టీం అందుకునేది. ఏ హోల్డ్‌లో ఏ సామాను మిగిలిందో ఆ మార్పిడిలోనే తప్పిపోయేది. రెండేసి టీంలు మారినప్పుడు, చేతిలోని విమానాన్ని పుష్‌బ్యాక్ వరకు పూర్తి చేసి వెళ్లమనడం సాధ్యమైంది. అయితే పావుగంట, ఇరవై నిమిషాల తేడాలతో మరీ సన్నగా జరపవద్దు. ర్యాంప్ బస్సు, ఊరి నుంచి తెచ్చే బండి ఎన్ని ట్రిప్పులు తిరగగలవో అన్ని మొదలు సమయాలే పెట్టండి. మా బండి గంటకు ఒక ట్రిప్పు మాత్రమే వేయగలిగేది, కాబట్టి మా తేడా గంట.

ఇక ఎవరికి ఏది వేయాలన్న సంగతి. స్ప్లిట్‌కు రెండు టీంలు అంటే పన్నెండుగురు, వారపు సెలవులతో పద్నాలుగు మంది. శంషాబాద్, పాల్మాకుల, కొత్తూరు వైపు అరగంటలో ఇల్లు చేరగలవారిని మాత్రమే అడిగాము, ఇష్టమున్నవారినే రాసుకున్నాము, నెలకు కొంత స్ప్లిట్ అలవెన్సు ఇప్పించాము. పదిహేను మంది ముందుకు వచ్చారు. ఒకరికి ఇంట్లో మంచాన పడిన తల్లికి మధ్యాహ్నం అన్నం పెట్టే వీలు దొరికింది, మరొకరు భార్య నడిపే కుట్టు దుకాణానికి ఆ సమయంలో సరుకు తెచ్చేవారు. దగ్గర ఇల్లు ఉన్నవారికి పగటి మూడుంముప్పావు గంటలు నిజంగా పనికివస్తాయి. షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు వారికి ఒకేసారి వచ్చి ఒకేసారి పోయే డ్యూటీలే వేశాము. 5 గంటల డ్యూటీని కూడా దూరం వారికి వరుసగా ఒక వారానికి మించి వేయలేదు. అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరే 16 గంటల డ్యూటీ నుంచి ఉదయం డ్యూటీకి మార్చేటప్పుడు మధ్యలో వారపు సెలవు తప్పక ఉండేలా చూశాము.

రెండు టీంలతో ఆగడానికి శీతాకాలం కూడా ఒక కారణం. డిసెంబరు, జనవరి నెలలలో ఢిల్లీలో పొగమంచు కమ్మితే ఉదయం 8 గంటలకు రావలసిన విమానాలు 11 గంటలకు వస్తాయి. మా పట్టికలో 11 గంటలకు మూడు టీంల పని ఉంటుంది. ఆలస్యమైన మూడు విమానాలు అదే గంటలో దిగితే ఆరు టీంలు కావాలి. ఆ సమయానికి స్ప్లిట్ వాళ్లు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, మామూలు టీంలు సరిగ్గా ఆరు ఉంటాయి. మధ్యాహ్నం ఖాళీగా కూర్చున్నట్టు కనిపించే మనుషులే ఆ రోజున విమానాలను పంపుతారు. మీ మేనేజర్‌కు ఈ ఒక్క లెక్క, గత జనవరిలోని ఏదైనా ఒక మంచు రోజు నిజమైన రాక సమయాలతో వేసి చూపించండి. మాటలతో చెప్పినప్పుడు వినని మా మేనేజర్ ఆ కాగితం చూసి ఒప్పుకున్నారు. స్ప్లిట్ వాళ్లను విరామంలో ఫోన్ చేసి వెనక్కు పిలిచే అలవాటు మాత్రం చేసుకోవద్దు. రెండుసార్లు అలా పిలిస్తే మూడోసారి ఫోన్ ఎత్తరు, వాళ్లను తప్పుపట్టలేము.

స్ప్లిట్ వద్దు, నాలుగు గంటల డ్యూటీకి వేరే మనుషులను తీసుకుందామని ఎవరైనా అంటే, ముందుగా 2019 వేతనాల కోడ్‌లోని 10వ సెక్షన్ చూడమనండి. పాత కనీస వేతనాల చట్టంలో 15వ సెక్షన్‌గా ఉన్నదీ ఇదే. కనీస వేతనం రోజు లెక్కన నిర్ణయమైన ఉద్యోగికి యజమాని పూర్తి రోజు కంటే తక్కువ పని ఇచ్చినా పూర్తి రోజు వేతనమే ఇవ్వాలి. చట్టంలో చెప్పిన మినహాయింపులు తప్ప నాలుగు గంటలకు సగం జీతం అన్న లెక్క నిలవదు. మా దగ్గర కొందరికి 5 నుంచి 9 వరకు ర్యాంప్ మీద, ఆ తరువాత నాలుగు గంటలు బ్యాగేజీ విభజన గదిలోనో, పరికరాలు కడిగే చోటో, శిక్షణ తరగతిలోనో పని చూపించాము. బయటకు పంపి మళ్లీ పిలవడం కంటే లోపలే రెండో పని ఇవ్వడం నాకు మేలుగా తోచింది, గేటు దగ్గర రెండోసారి పోయే ముప్పావుగంట కూడా మిగిలింది.

ఈ పట్టిక ఏడాదికి కనీసం రెండుసార్లు పాతబడుతుంది. వేసవి షెడ్యూలు మార్చి చివరి ఆదివారం, శీతాకాలపు షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి. ఒక్క విమానయాన సంస్థ తన సాయంత్రపు విమానాలు రెండింటిని గంట ఆలస్యంగా పెట్టినా రద్దీ 19 వరకు సాగి, స్ప్లిట్ టీం స్ప్రెడ్ 12 గంటలు దాటిపోతుంది. ఒకసారి మాకు అలాగే జరిగింది. ఆ సీజనంతా స్ప్లిట్ ఎత్తివేసి పదహారు టీంలకు తిరిగి వెళ్లాము. కొత్త షెడ్యూలు ముసాయిదా మీ చేతికి రాగానే ముందుగా 6 గంటల సంఖ్య, రద్దీ ముగిసే గంట, ఈ రెండూ చూసుకోండి. అవి మారితే స్ప్లిట్ వాళ్లకు కనీసం రెండు వారాల ముందు చెప్పండి, ఎందుకంటే వాళ్లు ఆ మధ్యాహ్నాల మీద ఇంటి పనులు పెట్టుకుని ఉంటారు.